20 సెకన్ల రిఫరల్ యాడ్ స్క్రిప్ట్: పేమెంట్స్ యాప్ రివార్డ్ షరతులను దాచకుండా చెప్పే పద్ధతి

పేమెంట్స్ యాప్‌కి రిఫరల్ యాడ్ రాసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆఫర్ చెప్పడానికే టైమ్ సరిపోవడం లేదు, షరతులన్నీ 20 సెకన్లలో ఎలా ఇమిడించాలి?" షరతులన్నీ ఇమడవు, ఇమడాల్సిన అవసరమూ లేదు. ఏవి నోటితో చెప్పాలి, ఏవి స్క్రీన్ మీద చూపాలి, ఏవి లింక్‌లో ఉంచినా నష్టం లేదు అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలాక రాయడం పెద్ద కష్టం కాదు.

ఒక ఆఫర్‌ని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా కట్టి చూపిస్తాను. అంకెలు ఉదాహరణ కోసమే. మీ ఆఫర్‌కి మీ అంకెలు పెట్టుకోండి.

## 1. రాయడానికి ముందు: షరతుల కాగితం

స్క్రిప్ట్ మొదలుపెట్టకముందే ప్రొడక్ట్ టీమ్‌తో కూర్చుని ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులు తీసుకోండి. మార్కెటింగ్ వాళ్లు పంపిన ఒక్క లైన్ బ్రీఫ్‌ని నమ్ముకుని రాయొద్దు. అందులో ఆఫర్ ఉంటుంది గానీ షరతు ఉండదు.

- కొత్త యూజర్ అంటే ఎవరు? ఫోన్ నంబర్ కొత్తదైతే చాలా, బ్యాంక్ ఖాతా కూడా కొత్తగా లింక్ అవ్వాలా? తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్ల సంగతేంటి?
- లింక్ ద్వారానే చేరాలా, చేరాక కోడ్ ఎంటర్ చేసినా చెల్లుతుందా?
- రివార్డ్ ఏ పనికి వస్తుంది? చేరినందుకా, ఖాతా లింక్ చేసినందుకా, పేమెంట్ చేసినందుకా?
- కనీస మొత్తం ఎంత? ఎన్ని రోజుల్లోపు? రోజులు ఎప్పటి నుంచి లెక్క, లింక్ పంపిన రోజు నుంచా, చేరిన రోజు నుంచా?
- ఏ పేమెంట్లు లెక్కలోకి రావు?
- రివార్డ్ నగదా, కూపనా, పాయింట్లా? ఎప్పుడు వస్తుంది?
- ఒకరికి నెలకు ఎంతమంది వరకు? ఆఫర్ ఎప్పటితో ముగుస్తుంది? ఆ తేదీలోపు లింక్ పంపితే చాలా, పేమెంట్ కూడా పూర్తవ్వాలా?

మన ఉదాహరణలో వచ్చిన జవాబులివి. పిలిచినవాళ్లకు ₹100, చేరినవాళ్లకు ₹50. చేరే వ్యక్తి ఫోన్ నంబర్ ఇంతకుముందు ఈ యాప్‌లో రిజిస్టర్ అయి ఉండకూడదు. పంపిన లింక్ నుంచే చేరాలి. మొదటి పేమెంట్ కనీసం ₹200 ఉండాలి, చేరిన 7 రోజుల్లోపు జరగాలి. సొంత ఖాతాకు పంపుకుంటే లెక్కకు రాదు. డబ్బు 3 రోజుల్లో బ్యాంక్ ఖాతాలో పడుతుంది. నెలకు 5 మంది వరకే. మార్చి 31 లోపు పేమెంట్ కూడా పూర్తయి ఉండాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని దాటేస్తారు. "మొదటి పేమెంట్ కనీసం ₹200" అంటే, కొత్తగా చేరిన మనిషి యాప్ పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు ₹10 పంపితే రివార్డ్ అవకాశం అక్కడితో పోయినట్టే. తర్వాత ₹500 పంపినా రాదు. కొత్త పేమెంట్స్ యాప్‌లో జనం ముందు చేసేది సరిగ్గా అదే, చిన్న మొత్తంతో పరీక్ష. అందుకని "మొదటి పేమెంటే కావాలా, ఏడు రోజుల్లో చేసిన ఏ పేమెంటైనా ₹200 దాటితే చాలా?" అని విడిగా అడగండి. రెండోది కుదురుతుందంటే ప్రొడక్ట్ టీమ్‌ని ఒప్పించండి. ఒప్పుకోకపోతే ఆ షరతుని నోటితో చెప్పి తీరాలి.

## 2. షరతులను మూడు కుప్పలుగా విడగొట్టండి

ప్రతి షరతుకీ ఒకే పరీక్ష పెట్టండి: ఇది తెలియకపోవడం వల్ల, చెప్పిన పని చేసిన మనిషికి రివార్డ్ రాకుండా పోతుందా?

పోతుంది, చాలామందికి పోతుంది: నోటితో చెప్పాలి, స్క్రీన్ మీద కూడా ఉండాలి. మన ఆఫర్‌లో కొత్త యూజర్, లింక్‌తోనే, ₹200, 7 రోజులు, వేరేవాళ్లకే, నెలకు 5 మంది.

పోతుంది గానీ కొద్దిమందికే, లేదా రివార్డ్ పోదు గానీ ఎదురుచూపు ఉంటుంది: స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో. ముగింపు తేదీ, 3 రోజుల్లో జమ.

ఏదైనా తేడా వస్తేనే చూసుకునేది: లింక్ వెనక ఉండే పేజీలో. మోసం జరిగితే రివార్డ్ వెనక్కి తీసుకోవడం, పేమెంట్ రీఫండ్ అయితే ఏమవుతుంది లాంటివి.

ఇక్కడ ఒక హద్దు పాటించండి. స్క్రీన్ మీదో లింక్‌లోనో ఉన్న మాట, నోటితో చెప్పిన మాటని వివరించవచ్చు గానీ కొట్టేయకూడదు. వాయిస్‌లో "ఎంతమందినైనా పిలవండి" అని, కింద చిన్న అక్షరాల్లో "నెలకు 5 మంది" అని పెడితే కింది లైన్ పై మాటను అబద్ధం చేస్తోంది. అక్షరం సైజు పెంచినా లాభం లేదు. పై మాటే మార్చాలి.

## 3. అక్షరాల బడ్జెట్ వేసుకోండి

20 సెకన్లకి ఎన్ని పదాలు అని లెక్కపెట్టడం తెలుగులో పనికిరాదు. "మీ" ఒక పదమే, "పంపించుకోవాల్సి" కూడా ఒక పదమే. అక్షరాలు లెక్కపెట్టండి. పొల్లు హల్లుని వదిలేయండి: "లింక్" ఒకటి, "పేమెంట్" రెండు.

వాయిస్ ఆర్టిస్ట్ హడావిడి లేకుండా, విన్నవాళ్లకు అంకెలు అందేలా చదవాలంటే సెకనుకు అయిదున్నర అక్షరాలు లెక్క వేసుకోవచ్చు. ఇది నేను వాడే పనిలెక్క. మీ ఆర్టిస్ట్ చేత ఒక పేరా చదివించి, స్టాప్‌వాచ్‌తో సరిచూసుకోండి.

20 సెకన్లలో చివర ఒకటిన్నర సెకను యాప్ పేరుకి, లోగోకి పోతుంది. వాక్యాల మధ్య ఆగడానికి ఇంకో ఒకటిన్నర. మిగిలేది 17 సెకన్లు, అంటే సుమారు 93 అక్షరాలు. మీ దగ్గరున్న మొత్తం స్థలం అంతే.

అంకెల దగ్గర జాగ్రత్త. ₹150 కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది, నోట్లో "నూట యాభై రూపాయలు" అని ఎనిమిది అక్షరాలు అవుతుంది. అందుకే వాయిస్ స్క్రిప్ట్‌లో అంకెలన్నీ పలికేలా అక్షరాల్లో రాయండి. అప్పుడే లెక్క నిజమవుతుంది, ఆర్టిస్ట్ కూడా తడబడరు.

## 4. మొదటి వాక్యం: రివార్డ్, షరతు విడిపోకూడదు

మామూలుగా వచ్చే మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది:

> మీ ఫ్రెండ్స్‌ని ఇన్వైట్ చేయండి, ఒక్కొక్కరికీ వంద రూపాయలు గెలుచుకోండి! ఎంతమందిని పిలిస్తే అంత సంపాదన! షరతులు వర్తిస్తాయి.

వినడానికి ఊపుగా ఉంది. కానీ ఇన్వైట్ చేస్తే వంద రాదు, ఫ్రెండ్ పేమెంట్ చేస్తే వస్తుంది. "గెలుచుకోండి" అంటే లాటరీ అనిపిస్తుంది. "ఎంతమందిని పిలిస్తే అంత" అన్నది అయిదుగురి పరిమితికి పూర్తిగా విరుద్ధం. ఇక "షరతులు వర్తిస్తాయి" ఎనిమిది అక్షరాలు తిని ఒక్క సమాచారమూ ఇవ్వదు. ఆ జాగాలో అసలు షరతు ఒకటి పడుతుంది.

తెలుగు వాక్యంలో ఇందుకు మంచి సదుపాయం ఉంది. "చేస్తే" అన్న ముక్క సహజంగానే ముందు వస్తుంది, ఫలితం తర్వాత వస్తుంది. దాన్ని వాడుకోండి:

> మీ ఫ్రెండ్ మొదటి పేమెంట్ చేస్తే మీకు వంద రూపాయలు, తనకు యాభై.

22 అక్షరాలు, నాలుగు సెకన్లు. ఇక్కడితో వీడియో ఆపేసి వెళ్లిపోయినా తప్పుడు అభిప్రాయంతో వెళ్లరు. మొదటి వాక్యాన్ని ఈ కొలతతోనే చూడాలి, ఎందుకంటే సగంలో వెళ్లిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. షరతుని చివరికి తోసేస్తే వాళ్లందరికీ సగం నిజమే చేరుతుంది.

## 5. మిగతా వాక్యాలు వరసగా

మనిషి చేయాల్సిన పనుల వరసలోనే షరతులు చెప్పండి: ఎవరిని పిలవాలి, ఎలా చేరాలి, ఎలాంటి పేమెంట్ చేయాలి, ఎంతమంది వరకు. ఇలా చెబితే వినేవాళ్లకు గుర్తుంటుంది.

వాయిస్:

0–4 సెకన్లు: మీ ఫ్రెండ్ మొదటి పేమెంట్ చేస్తే మీకు వంద రూపాయలు, తనకు యాభై. *(22)*

4.4–8.6: తను ఇంతకుముందు ఈ యాప్ వాడి ఉండకూడదు. మీ లింక్‌తోనే చేరాలి. *(23)*

9–14.5: ఆ పేమెంట్ కనీసం రెండు వందలుండాలి. చేరిన ఏడు రోజుల్లోపు వేరేవాళ్లకి చేయాలి. *(30)*

14.9–16.9: నెలకు అయిదుగురి వరకే. *(11)*

17.3–18.6: మీ లింక్ యాప్‌లోనే ఉంది. *(7)*

18.6–20: యాప్ పేరు, లోగో.

మొత్తం 93. "డబ్బు మూడు రోజుల్లో ఖాతాలో పడుతుంది" అన్న లైన్ కూడా వాయిస్‌లో పెట్టాలని అనిపిస్తుంది, ఎందుకంటే అది వినడానికి బాగుంటుంది. కానీ రెండో మెట్టులోని పరీక్షలో అది నోటి కుప్పలో పడలేదు. వినడానికి బాగున్న మాట కోసం అయిదుగురి పరిమితిని తీసేస్తే నిజాయితీ పోయినట్టే.

మూడో వాక్యంలో "ఆ పేమెంట్" అనడం కావాలని చేసిందే. "ఏడు రోజుల్లో రెండు వందలు పే చేయాలి" అని రాస్తే అక్షరాలు తగ్గేవి. కానీ వినేవాళ్లు నాలుగు యాభైలు పంపినా చాలనుకుంటారు. "ఆ" అన్న ఒక్క అక్షరం ఆ అనుమానం రాకుండా వాక్యాన్ని మొదటి పేమెంట్‌కి కట్టేస్తుంది.

## 6. స్క్రీన్ మీద ఏం ఉండాలి

సౌండ్ ఆపేసి చూసేవాళ్లకు కూడా యాడ్ అదే నిజం చెప్పాలి. అందుకే వాయిస్‌తో పాటే అక్షరాలు నడవాలి, అదే భాషలో. వాయిస్ తెలుగులో, షరతులు వేరే భాషలో పెడితే అవి ఉన్నా లేనట్టే.

- ఫ్రెండ్ మొదటి పేమెంట్ తర్వాత: మీకు ₹100, తనకు ₹50
- కొత్తగా చేరేవారికే. మీ లింక్‌తోనే
- మొదటి పేమెంట్ కనీసం ₹200. చేరిన 7 రోజుల్లోపు. సొంత ఖాతాకు పంపితే లెక్క రాదు
- నెలకు 5 మంది వరకే. డబ్బు 3 రోజుల్లో బ్యాంక్ ఖాతాలో
- మార్చి 31 లోపు పేమెంట్ పూర్తవ్వాలి. పూర్తి షరతులు లింక్‌లో

చివరి లైన్ 16.9 దగ్గర మొదలై 20 దాకా, మూడు సెకన్లు నిలబడాలి. లోగో పక్కకు జరగాలి తప్ప ఆ లైన్ మీదికి రాకూడదు. తేదీని "ఈ నెలాఖరు" అని రాయొద్దు. యాడ్ వచ్చే నెల కూడా ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. తేదీ, నెల స్పష్టంగా ఉంటే, ఆలస్యంగా చూసినవాళ్లకు ఆఫర్ అయిపోయిందని తెలుస్తుంది.

బొమ్మలు కూడా మాట ఇస్తాయి. లింక్ పంపిన మరుక్షణం ఫోన్ మీద ₹100 జమ అయినట్టు యానిమేషన్ వేస్తే, వాయిస్ ఎంత సరిగ్గా ఉన్నా బొమ్మే గెలుస్తుంది. షాట్ల వరస ఇలా ఉండనివ్వండి: లింక్ వెళ్లడం, ఫ్రెండ్ చేరడం, ఫ్రెండ్ పేమెంట్ చేయడం, ఆ తర్వాతే జమ.

## 7. ఎనిమిది మందికి లింక్ పంపిన మనిషి పరీక్ష

స్క్రిప్ట్ పూర్తయ్యాక ఈ లెక్క వేసి చూడండి. ఒకరు మీ యాడ్ చూసి ఎనిమిది మంది ఫ్రెండ్స్‌కి లింక్ పంపారు. ముగ్గురి దగ్గర యాప్ ఇప్పటికే ఉంది. ఒకరు లింక్ నొక్కకుండా యాప్ స్టోర్‌లో వెతికి ఇన్‌స్టాల్ చేసుకున్నారు. ఒకరి మొదటి పేమెంట్ ₹150. ఒకరు తన రెండు ఖాతాల మధ్యే డబ్బు మార్చుకున్నారు. ఒకరు తొమ్మిదో రోజు పేమెంట్ చేశారు. మిగిలిన ఒక్కరు మాత్రం అన్నీ సరిగ్గా చేశారు.

పంపిన మనిషికి వచ్చేది ₹100. ఊహించుకున్నది ₹800 కావచ్చు.

ఇప్పుడు రివార్డ్ రాని ఏడుగురిలో ఒక్కొక్కరి కారణమూ స్క్రిప్ట్‌లో ఏ లైన్‌లో ఉందో వేలు పెట్టి చూపించండి. ముగ్గురికి, స్టోర్ నుంచి వచ్చినవారికి రెండో వాక్యం. ₹150కి, సొంత ఖాతాకి, తొమ్మిదో రోజుకి మూడో వాక్యం. వేలు పెట్టలేని కారణం ఒక్కటి మిగిలినా స్క్రిప్ట్ పూర్తి కానట్టే. మీ ఆఫర్‌కి తగ్గట్టు ఈ ఎనిమిది మందిని మార్చుకోండి, కానీ ప్రతి షరతుకీ ఒక మనిషి ఉండాలి.

తర్వాత ఆఫర్ గురించి ఏమీ తెలియని నలుగురైదుగురికి యాడ్ ఒక్కసారే వినిపించి, మూడు ప్రశ్నలు అడగండి. వంద ఎప్పుడు వస్తుంది? మీ ఫ్రెండ్ ఏం చేయాలి? ఎంతమందిని పిలవచ్చు? ఎవరైనా "లింక్ పంపితే వంద వస్తుంది" అంటే వాళ్లకు వివరించొద్దు, మొదటి వాక్యం మళ్లీ రాయండి. ఏడు రోజులు మరిచిపోతే ఫర్వాలేదు, గడువు ఏదో ఉందని గుర్తుంటే చాలు. యాప్‌లో మళ్లీ చూసుకుంటారు.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

షరతుల దగ్గర వాయిస్ స్పీడ్ పెంచడం. ఎడిటింగ్‌లో ఇది చాలా తేలిక, అందుకే జరుగుతుంది. రివార్డ్ చెప్పిన వాక్యాన్నీ షరతు చెప్పిన వాక్యాన్నీ విడిగా తీసి, సెకనుకు ఎన్ని అక్షరాలో లెక్కపెట్టండి. రెంటికీ తేడా కనిపిస్తే మళ్లీ రికార్డ్ చేయించండి. షరతుల దగ్గర మ్యూజిక్ పెరగడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

"వరకు" వెనక దాక్కోవడం. స్క్రాచ్ కార్డ్ ఆఫర్లలో "₹100 వరకు" అంటారు, ఎక్కువమందికి వచ్చేది ₹5. అలాంటప్పుడు కనీసం ఎంత వస్తుందో ముందు చెప్పండి: "కనీసం అయిదు రూపాయలు, కొందరికి వంద దాకా." కనీసం సున్నా కూడా కావచ్చంటే "రివార్డ్ రాకపోవచ్చు" అన్న మాట వాయిస్‌లో ఉండాలి.

"నెలకు ₹500 సంపాదించండి" అనడం. 5 మందికి ₹100 చొప్పున లెక్క సరిపోతుంది. కానీ అయిదుగురు కొత్తవాళ్లు దొరికి, అందరూ అన్నీ సరిగ్గా చేస్తేనే ఆ మొత్తం వస్తుంది. ఒక్కరికి వచ్చేదే చెప్పండి.

కూపన్‌ని డబ్బు అనడం. వచ్చేది ఏదో ఒక కొనుగోలు మీద తగ్గింపు అయితే "వంద రూపాయల కూపన్" అనండి. రెండు అక్షరాలు ఎక్కువ అవుతాయి, అవ్వనివ్వండి.

20 సెకన్లది కోసి 10 సెకన్లది చేయడం. ఎడిటర్ ముందు కోసేది మధ్యలోని షరతుల్నే. చిన్న యాడ్ కావాలంటే విడిగా రాయండి. అందులో రివార్డ్ మొత్తం చెప్పకుండా "ఫ్రెండ్‌ని చేరిస్తే ఎవరికి ఎంత, ఏ షరతులతో, యాప్‌లో చూడండి" అని ఆపండి. షరతు చెప్పలేని చోట అంకె కూడా చెప్పొద్దు.

## 9. ఎంత చేసినా 93 దాటుతుంటే

రెండు మూడు సార్లు తిరగరాసినా నోటి కుప్ప 93 అక్షరాల్లో పట్టకపోతే, ఇబ్బంది మీ రాతలో కాదు, ఆఫర్‌లో ఉంది. అప్పుడు స్పీడ్ పెంచమని అడక్కుండా ప్రొడక్ట్ టీమ్ దగ్గరికి వెళ్లండి. వాళ్లకు ఎంపిక ఇవ్వండి: ఒక షరతు తీసేస్తారా, రెండు షరతుల్ని ఒకటిగా కలుపుతారా, 30 సెకన్లు కొంటారా?

షరతు తీసేయమని అడిగేటప్పుడు మన ఉదాహరణలోని సొంత ఖాతా షరతు లాంటిదాన్ని ఎంచుకోకండి. అది మోసాన్ని ఆపడానికి పెట్టింది, వదులుకోరు. "మొదటి పేమెంటే" అన్నది అడిగి చూడండి. దాన్ని "ఏడు రోజుల్లో ఏదైనా ఒక పేమెంట్" అని మారిస్తే యూజర్‌కి మేలు, కంపెనీకి కూడా ఎలాగూ వచ్చే పేమెంటే.

## 10. యాడ్ బయటికి వెళ్లే ముందు, వెళ్లాక

- షరతుల కాగితం మీద తేదీ వేసి, స్క్రిప్ట్‌కి జత చేశారా?
- వాయిస్, స్క్రీన్, లింక్ పేజీ మూడింట్లోనూ అంకెలు ఒకటేనా?
- సౌండ్ లేకుండా ఒకసారి, స్క్రీన్ చూడకుండా ఒకసారి మొత్తం పరీక్షించారా?
- చిన్న ఫోన్ మీద అక్షరాలు చదవగలుగుతున్నారా?
- కస్టమర్ కేర్ వాళ్లకు స్క్రిప్ట్ పంపారా? యాడ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి చెబితే గొడవే.

యాడ్ నడుస్తున్నప్పుడు "రివార్డ్ రాలేదు" అన్న ఫిర్యాదులను కారణం వారీగా విడదీయించి తెప్పించుకోండి. ఎక్కువ భాగం "ఫ్రెండ్ దగ్గర ముందే యాప్ ఉంది" అని వస్తే రెండో వాక్యం అందడం లేదని అర్థం, ఆ స్క్రీన్ లైన్‌ని పెద్దది చేయండి. తొమ్మిదో రోజు, పదో రోజు పేమెంట్లు ఎక్కువగా ఉంటే గడువు చెప్పే వాక్యంలో ఆర్టిస్ట్ "ఏడు" మీద ఒత్తు ఇచ్చారో లేదో విని చూడండి.

మధ్యలో ప్రొడక్ట్ టీమ్ ₹200ని ₹300 చేసిందంటే యాడ్ ఆ రోజే ఆపేయాలి. కొత్త వాయిస్ వచ్చేదాకా లింక్ పేజీలో మాత్రమే మార్చి నడిపిద్దాం అంటే ఒప్పుకోకండి. పాత యాడ్ చూసి అప్పటికే చేరినవాళ్లకు పాత షరతే వర్తించాలని కూడా రాతపూర్వకంగా తీసుకోండి.